గేమ్ జామ్‌లో వారాంతానికే గేమ్ మొత్తం పూర్తి కావాలా? మా టీమ్ రెండుసార్లూ మధ్యలోనే ఆగిపోయింది

కాకినాడ_కోడర్ | శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. బీటెక్ మూడో సంవత్సరం, మేం ఆరుగురం ఫ్రెండ్స్ కలిసి ఇప్పటికి రెండు ఆన్‌లైన్ గేమ్ జామ్‌లలో దిగాం, రెండూ 48 గంటల్లో కొత్త గేమ్ చేసి ఇవ్వాల్సినవే, రెండింటిలోనూ సబ్మిట్ చేయలేకపోయాం. మొదటిసారి మెనూ, ఇన్వెంటరీ, క్యారెక్టర్ సెలక్షన్ అన్నీ బాగా వచ్చాయి కానీ ఆడటానికి గేమే లేదు. రెండోసారి ఎవరి ముక్క వాళ్ల దగ్గర బాగానే నడిచింది, చివరి రోజు సాయంత్రం కలుపుదామని కూర్చుంటే ఏదీ దేనితోనూ కలవలేదు, గిట్‌లో కాన్‌ఫ్లిక్ట్‌లు విప్పుకుంటూ తెల్లారిపోయింది.

నాకు అర్థం కానిది ఒకటే. ఉన్న కొద్ది టైములో ఒక్క గేమ్‌ప్లే మెకానిక్‌ని, దూకడమో కాల్చడమో, బాగా చేసి చూపిస్తే సరిపోదా? మొదలు, గెలుపు, ఓటమి, మళ్లీ మొదలు, ఇవన్నీ ఉండాలి, "పూర్తి గేమ్" ఇవ్వాలి అని అందరూ ఎందుకంటారు? మూడు వారాల్లో ఇంకో జామ్ ఉంది. ఈసారైనా సబ్మిట్ చేయాలి.

---

స్పీడ్‌రన్_శీను | శుక్రవారం, రాత్రి 10:15

ఆరుగురు ఉండి కూడా అవ్వలేదంటే పని పంచుకోవడంలో తేడా వచ్చింది. ఆర్ట్‌కి ఇంకో ఇద్దర్ని తీసుకో, ఎందుకంటే జామ్‌లో రెడీమేడ్ బొమ్మలు, పాటలు వాడకూడదు, అన్నీ ఆ 48 గంటల్లోనే చేయాలి, వాడితే డిస్‌క్వాలిఫై చేస్తారు. రెండు రాత్రులు నిద్ర మానేస్తే 48 గంటలు నిజంగా 48 అవుతాయి. నేను అలాగే చేశాను, సబ్మిట్ అయింది.

---

హ్యాకథాన్_రాజు | శుక్రవారం, రాత్రి 10:32

ప్రైజ్ మనీ ఎంత ఉంటుంది వీటికి? మా కాలేజీ హ్యాకథాన్‌లో అయితే స్లైడ్లు బాగుంటే చాలు, డెమో సగం నడిచినా ఫస్ట్ వస్తుంది. ముందు ప్రెజెంటేషన్ మీద పెట్టండి టైము.

---

దీపాలదారి | శనివారం, ఉదయం 7:05

రాజు గారూ, అసలు తేడా అక్కడే ఉంది. లుడమ్ డేర్ అనే ఆన్‌లైన్ జామ్‌లో ప్రైజ్ మనీ లేదు, గ్లోబల్ గేమ్ జామ్ అయితే అసలు పోటీయే కాదు. స్లైడ్లు చూసే జడ్జీ ఉండడు. మీ గేమ్‌ని ఇంకో ఊళ్లో ఎవరో బ్రౌజర్‌లో తెరిచి నాలుగైదు నిమిషాలు ఆడతారు, మీరు పక్కన ఉండరు. తమ్ముడి ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది, కాస్త వివరంగా రాస్తాను.

శీను చెప్పిన రూల్ సగం నిజం. లుడమ్ డేర్‌లో ముఖ్యంగా రెండు విభాగాలుంటాయి. కాంపో అంటే ఒక్కరే, 48 గంటలు, కోడ్, బొమ్మలు, శబ్దం అన్నీ ఆ గంటల్లోనే చేయాలి, సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. జామ్ విభాగానికి 72 గంటలు, టీమ్‌గా రావచ్చు, వాడుకునే హక్కు ఉన్న రెడీమేడ్ బొమ్మలు వాడుకోవచ్చు, కాకపోతే గ్రాఫిక్స్ మీవి కానప్పుడు ఆ రేటింగ్ వద్దని మీరే టిక్ పెట్టాలి. ప్రతి జామ్‌కీ రూల్స్ పేజీ వేరు, అది చదివాకే టీమ్ కట్టండి.

ఇప్పుడు మా కథ. 2020 ఏప్రిల్, లాక్‌డౌన్, లుడమ్ డేర్ 46, థీమ్ కీప్ ఇట్ అలైవ్. నేను విశాఖలో, ఒకరు విజయవాడలో, ఒకరు హైదరాబాద్‌లో, ముగ్గురం ఫోన్ కాల్‌లోనే పని. అమెరికాలో శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది కాబట్టి మనకి శనివారం ఉదయం, 72 గంటలంటే మంగళవారం ఉదయం దాకా. అంటే సోమవారం ఆఫీసు పని కూడా మధ్యలో ఉంటుంది, మనవాళ్లు ప్లాన్ వేసుకునేటప్పుడు ఇది మర్చిపోతుంటారు.

థీమ్ చూడగానే ముగ్గురికీ తట్టినవి మొక్క, పసిపాప, ఐసీయూలో పేషెంట్. ముందు తట్టినవి అందరికీ తడతాయని పక్కన పెట్టి ఇంకో గంట మాట్లాడుకుంటే దీపం వచ్చింది. ఒక అమ్మాయి చేతిలో దీపంతో ఊరి చివర గుడి దాకా నడవాలి, గాలి ఎడమ నుంచో కుడి నుంచో వీస్తుంది, గాలి వచ్చే వైపుకి తిరిగి ఒంటితో అడ్డుపడాలి. అంతే. ఐదు లెవెల్స్, నూనె కొనుక్కునే దుకాణం, దెయ్యాలు, వాన, ఇవన్నీ కూడా ఆ గంటలోనే అనుకున్నాం, ఒక కాగితం మీద రాసి "తర్వాత" అని పెట్టాం. ఆ కాగితం మళ్లీ తీయలేదు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి మా దగ్గర ఏముందో చెప్తాను. అమ్మాయి బదులు తెల్ల చతురస్రం, దీపం బదులు పసుపు చుక్క, గాలి అంటే స్క్రీన్ మూలన ఒక అంకె మారడం. కానీ కుడి అంచుకి చేరితే "గెలిచావు", చుక్క ఆరిపోతే "ఆరిపోయింది", R నొక్కితే మళ్లీ మొదలు. పూర్తి అంటే నేను చెప్పేది ఇదే తమ్ముడూ. మెరుగు దిద్దడం ఆదివారం పని. మొదలు నుంచి చివరిదాకా ఒక దారి మొదటి రోజే తెరుచుకోవాలి. ఆ దారి లేకుండా ఒక మెకానిక్‌ని ఎంత చెక్కినా అది బాగుందో లేదో మీకు తెలిసే మార్గం లేదు, ఎందుకంటే ఈ గేమ్ గురించి మేం తెలుసుకోవాల్సింది "అడ్డుపడటం సరదాగా ఉందా" అన్నది కాదు, "దీపం ఆరిపోయాక ఇంకోసారి ప్రయత్నించాలనిపిస్తుందా" అన్నది. ఓటమి, మళ్లీ మొదలు లేకపోతే ఆ ప్రశ్న అడగనే లేం.

ఆదివారం రాత్రి మా తమ్ముణ్ని కూర్చోబెట్టాను. ఏమీ చెప్పకూడదు, వెనక నిలబడి చూడాలి, అది రూల్. వాడు ఐదుసార్లు ఆడాడు, ఐదుసార్లూ అరనిమిషం లోపే దీపం ఆరిపోయింది. ఆరోసారి కీబోర్డ్ పక్కకి నెట్టేసి "గాలి ఎటు నుంచి వస్తుందో నాకెలా తెలుస్తుంది" అన్నాడు. మాకు తెలుసు, ఎందుకంటే రెండు రోజులుగా మూలన ఉన్న ఆ అంకెనే చూస్తున్నాం. బొమ్మలు పెట్టాక అంకె తీసేశాం, దాని బదులు ఏమీ పెట్టలేదు. అప్పుడు గాలి తగలడానికి ఒక సెకను ముందు ఆ వైపు నుంచి నాలుగు ఎండుటాకులు ఎగిరొచ్చేలా చేశాం. నలభై నిమిషాల పని. వాణ్ని మళ్లీ పిలిస్తే మూడోసారికి గుడి చేరాడు, చేరాక అడక్కుండానే ఇంకోసారి ఆడాడు. దెయ్యాలు, దుకాణం చేస్తూ కూర్చుని ఉంటే ఈ నలభై నిమిషాలు మాకు దొరికేవే కావు.

---

ఫ్రేమ్‌కి_ఐదు | శనివారం, ఉదయం 9:20

నేను బెంగళూరులో ఒక స్టూడియోలో గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌ని. దీపాలదారి గారు చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క చోట తప్ప. గెలుపు, ఓటమి ప్రతి గేమ్‌కీ ఉండక్కర్లేదు. బాబా ఈజ్ యూ అనే పజిల్ గేమ్ చూడండి. 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో పుట్టింది, థీమ్ నాట్ దేర్. ఆర్వి టెయికరి ఆ "నాట్" అనే మాటనే పట్టుకుని, గేమ్ రూల్స్‌ని స్క్రీన్ మీద తోయగలిగే పదాలుగా పెట్టాడు. "వాల్ ఈజ్ స్టాప్" లోంచి ఒక పదాన్ని పక్కకి తోస్తే గోడ ఇక అడ్డు రాదు. అందులో గేమ్ ఓవర్ అనేదే లేదు, ఇరుక్కుంటే ఒక్కో అడుగూ వెనక్కి తీసుకుంటాం. ఆ జామ్‌లో గెలిచింది, పూర్తి గేమ్‌గా బయటికి వచ్చింది 2019లో. వారాంతంలో తేలింది "ఈ ఆలోచన నిలబడుతుంది" అన్న ఒక్క విషయం, మిగతా రెండేళ్లు లెవెల్స్ కట్టడానికీ మిగతా అన్నిటికీ పట్టాయి.

కాబట్టి నా లెక్కలో పూర్తి అంటే, కొత్తవాడు ఎవరి సాయం లేకుండా మొదలుపెట్టి, మీ ప్రశ్నకి జవాబు వచ్చేదాకా ఆగకుండా ఆడగలగడం. కొన్ని గేమ్‌లకి దానికి ఓటమి కావాలి, కొన్నిటికి అక్కర్లేదు.

ఇంకొకటి, జామ్ గేమ్‌లు రేట్ చేసేటప్పుడు నేను మళ్లీ మళ్లీ చూసే తప్పు. ఆలోచన బాగుంటుంది, నా మానిటర్ మీద మాత్రం అన్నీ పరిగెత్తుతుంటాయి. కారణం ఈ రెండు లైన్ల తేడా, గోడో ఇంజిన్‌లో _process లోపల:

```
position.x += 5            # ప్రతి ఫ్రేమ్‌కీ 5
position.x += 300 * delta  # ప్రతి సెకనుకీ 300
```

60 హెర్ట్జ్ స్క్రీన్ మీద, అంటే సెకనుకి 60 ఫ్రేమ్‌లు, రెండూ ఒకటే, సెకనుకి 300 పిక్సెల్స్. 144 హెర్ట్జ్ మానిటర్ మీద మొదటి లైన్ 720 అవుతుంది. టీమ్‌లో అందరి ల్యాప్‌టాప్‌లూ 60 అయితే మీకు ఎప్పటికీ కనపడదు, కామెంట్లలో "చాలా కష్టంగా ఉంది" అని వస్తుంది, మీరు డిజైన్ తప్పనుకుంటారు.

---

దీపాలదారి | శనివారం, ఉదయం 9:48

బాబా విషయంలో మీదే కరెక్ట్, నేను మా గేమ్‌ని బట్టి చెప్పాను. ఫ్రేమ్ రేట్ తప్పు మేమూ చేశాం. గాలికి ముందు ఆకులు ఎగరాల్సిన టైముని ఫ్రేమ్‌లలో లెక్కపెట్టాం, 60 ఫ్రేమ్‌లు అంటే ఒక సెకను అనుకుని. 144 హెర్ట్జ్ మీద అది అర సెకను కూడా కాలేదు. ఒకాయన ఓపిగ్గా వీడియో రికార్డు చేసి పెడితే అర్థమైంది. లుడమ్ డేర్‌లో నాకు ఇష్టమైన భాగం అదే, రేటింగ్ దాదాపు మూడు వారాలు నడుస్తుంది, స్కోర్ రావాలంటే కనీసం ఇరవై మంది రేట్ చేయాలి, వాళ్లు మీ గేమ్ దాకా రావాలంటే మీరు వాళ్ల గేమ్‌లు ఆడి కామెంట్ రాయాలి. సబ్మిట్ చేశాక నిద్రపోయి లేచి ఆ పని మొదలుపెట్టాలి, చాలామంది అక్కడే వదిలేస్తారు.

---

తంబురా | శనివారం, ఉదయం 11:30

నేను కోడ్ రాయను, శబ్దాలు మాత్రం చేస్తాను, ఇప్పటికి నాలుగు జామ్‌లలో నాలుగు వేర్వేరు టీమ్‌లతో పనిచేశాను. మా వైపు బాధ కూడా ఒకసారి వినండి. టీమ్‌లు నన్ను చివరి ఆరు గంటల్లో పిలుస్తాయి, "అన్నా, ఒక మంచి మ్యూజిక్ పెట్టు" అని. అప్పటికి గేమ్‌లో ఏ శబ్దం ఎప్పుడు మోగాలో ఎవరూ రాసి ఉండరు. నాకు కావాల్సింది మొదటి రోజు సాయంత్రానికి ఒక చిన్న లిస్టు, అడుగు, దెబ్బ, గెలుపు, ఓటమి, బటన్, అంతే, ఐదారు శబ్దాలు. అప్పటికప్పుడు sfxr లాంటి దాంట్లో నాలుగు బటన్లు నొక్కి తాత్కాలిక శబ్దాలు పెట్టేయవచ్చు, 2007లో లుడమ్ డేర్‌లో పాల్గొనేవాళ్ల కోసమే చేసిన టూల్ అది. మ్యూజిక్ ఆఖర్న వచ్చినా పర్లేదు, దెబ్బ తగిలిన శబ్దం లేకపోతే మాత్రం ఆడేవాడికి దెబ్బ తగిలిందనే తెలియదు.

బ్రౌజర్ సంగతి కూడా చెప్పాలి. ఆడేవాడు ఒకసారి క్లిక్ చేయడమో కీ నొక్కడమో చేస్తే తప్ప చాలా బ్రౌజర్లు శబ్దం రానివ్వవు. అందుకే "మొదలుపెట్టడానికి క్లిక్ చేయండి" అన్న టైటిల్ స్క్రీన్ అలంకారం కాదు, ఆ క్లిక్ కోసమే అది కావాలి. ఒక టీమ్ టైము లేదని టైటిల్ స్క్రీన్ తీసేసింది, నేను రెండు రాత్రులు కూర్చుని చేసిన మొదటి పాట ఎవరికీ వినపడలేదు.

---

బడిగంట | శనివారం, మధ్యాహ్నం 1:10

నేను హైస్కూల్ టీచర్‌ని, ఈ కంప్యూటర్ గొడవంతా నాకు తెలియదు. మా తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక పూటలో ఇలాంటిది చేయించాలని ఉంది. కోడింగ్ రాకుండా కుదురుతుందా?

---

దీపాలదారి | శనివారం, మధ్యాహ్నం 1:35

తప్పకుండా కుదురుతుంది మేడం. గ్లోబల్ గేమ్ జామ్‌లో బోర్డ్ గేమ్‌లు కూడా తీసుకుంటారు. అట్ట ముక్కలు, గవ్వలు, స్కెచ్ పెన్నులు ఇవ్వండి, ముగ్గురేసి పిల్లలు. మొదటి గంట అయ్యేసరికి ప్రతి గ్రూపూ ఒక ఆట చివరిదాకా ఆడి తీరాలని పెట్టండి, ఎంత చెత్తగా ఉన్నా సరే. రెండో గంటలో పక్క గ్రూపు ఆడాలి, చేసినవాళ్లు నోరు విప్పకూడదు. థీమ్ మాట కాకపోయినా పర్లేదు, 2013లో గ్లోబల్ గేమ్ జామ్ గుండె చప్పుడు వినిపించి అదే థీమ్ అంది. సర్జన్ సిమ్యులేటర్ అనే గేమ్ ఆ వారాంతంలోనే పుట్టింది.

---

కాకినాడ_కోడర్ | శనివారం, సాయంత్రం 6:20

అన్నా, చాలా థాంక్స్, తంబురా గారికి కూడా. మా మొదటి జామ్‌లో టైటిల్ స్క్రీన్, మెనూలే ఉన్నాయి, గేమ్ లేదు, అందుకే కొంచెం బాధేసింది చదువుతుంటే. టీమ్ సంగతి చెప్పండి. ఆరుగురం ఉన్నాం, ఎవర్నీ పొమ్మనలేను. కలిపేటప్పుడు అయిన గొడవ మళ్లీ కాకుండా ఏం చేయాలి? మేం ముగ్గురం ఒకే సీన్‌లో పనిచేశాం, మెయిన్ సీన్.

---

ఫ్రేమ్‌కి_ఐదు | శనివారం, రాత్రి 8:05

గొడవ అక్కడే. కోడ్ ఫైల్‌లో ఇద్దరు వేర్వేరు ఫంక్షన్లు మారిస్తే గిట్ చాలావరకు తనే కలిపేస్తుంది. సీన్ ఫైల్ అలా కాదు, ఎడిటర్ తనంతట తాను రాసే ఫైల్ అది, మీరు ఒక బొమ్మని కొంచెం జరిపినా లోపల చాలా లైన్లు మారవచ్చు. దాన్ని చేత్తో కలపడం ఆదివారం రాత్రి చేసే పని కాదు. మెయిన్ సీన్‌ని ఒక్కరే ముట్టుకోవాలి. ప్లేయర్ ఒక సీన్, శత్రువు ఒక సీన్, మెనూ ఒక సీన్, ఎవరిది వాళ్లదే. మూడు గంటలకోసారి అందరూ పుష్ చేయాలి, ఆ ఒక్కరు అన్నీ తెచ్చి మెయిన్‌లో పెట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకసారి ఆడాలి. ఆడలేకపోతే కొత్త పని ఆపి ముందు అది సరిచేయాలి.

ఆరుగురి విషయానికొస్తే, ముగ్గురైతే ఎవరు ఎవరితో మాట్లాడుకోవాలో చూస్తే మూడే జంటలు, ఆరుగురైతే పదిహేను, శీను అన్నట్టు ఇంకో ఇద్దర్ని కలిపితే ఇరవై ఎనిమిది. ఆఫీసులో దీనికి మీటింగులు, మేనేజర్లు ఉంటారు, 48 గంటల్లో దానికి టైము లేదు. నన్నడిగితే మీరు రెండు టీమ్‌లుగా విడిపోండి, ఒకే గదిలో కూర్చోండి, ఒకరి గేమ్ ఒకరు ఆడి చూడండి. బయటివాళ్లని పిలవకుండానే టెస్టర్లు దొరుకుతారు.

---

స్పీడ్‌రన్_శీను | శనివారం, రాత్రి 8:40

రూల్ విషయం ఒప్పుకుంటున్నాను, నేను దిగింది కాంపో, అందుకే అన్నిటికీ అదే అనుకున్నాను. నిద్ర విషయం మాత్రం ఒప్పుకోను. రాత్రి రెండింటికి ఎవరూ మెసేజ్ పెట్టరు, ఆ నాలుగు గంటల్లో అయినంత పని నాకు పగలు ఎప్పుడూ కాలేదు.

---

తంబురా | శనివారం, రాత్రి 9:15

రెండో రాత్రి కూడా అలాగే ఉంటుందా శీనూ? నేను చూసినంతవరకు రెండో రాత్రి మూడింటికి టీమ్ ఒక బగ్ సరిచేస్తూ రెండు కొత్తవి పెడుతుంది, పొద్దున్న వాటిని వెతకడానికి ఇంకో మూడు గంటలు.

---

స్పీడ్‌రన్_శీను | శనివారం, రాత్రి 9:22

నేను ఒక్కణ్నే కాబట్టి నా బగ్‌లు నాకు తెలుసు. టీమ్ సంగతి వేరేమో. కానీ మొదటి రాత్రి మాత్రం నేను పడుకోను.

---

దీపాలదారి | ఆదివారం, ఉదయం 6:50

తమ్ముడూ, జామ్‌కి ముందే చేయాల్సిన పని ఒకటుంది, ఇది ఏ రూల్‌కీ అడ్డు రాదు. ఇవాళే ఒక ఖాళీ ప్రాజెక్ట్ తీసుకో, ఒక బొమ్మ, ఒక శబ్దం పెట్టు, వెబ్‌కి ఎక్స్‌పోర్ట్ చేసి జిప్ చేసి itch.io సైట్‌లో ప్రైవేట్ పేజీగా ఎక్కించు, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడు. మేం సోమవారం రాత్రి మొదటిసారి ఎక్కిస్తే దీపం కనపడలేదు. ఫైల్ పేరు Flame.png, కోడ్‌లో flame.png అని ఉంది. విండోస్‌లో ఎడిటర్ రెండూ ఒకటే అనుకుని తెరిచేస్తుంది, ఎక్స్‌పోర్ట్ అయ్యాక తెరవదు. గడువుకి ఆరు గంటల ముందు ఎక్కించాం కాబట్టి సరిపోయింది, ఆఖరి గంటలో అయితే దీపం లేని దీపం గేమ్ పెట్టేవాళ్లం.

---

కాకినాడ_కోడర్ | ఆదివారం, సాయంత్రం 5:30

ఖాళీ ప్రాజెక్ట్ ఎక్కించాం. మొదటిసారి పేజీ తెరిస్తే అసలు గేమే రాలేదు, జిప్‌లో ఫైల్ పేరు మా ప్రాజెక్ట్ పేరుతో ఉంది, index.html అని మారిస్తే వచ్చింది. తర్వాత బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు, తంబురా గారు చెప్పినట్టు ఒక క్లిక్ పెడితే మోగింది. మా చెల్లి ఫోన్‌లో తెరిస్తే మాత్రం స్క్రీన్ సగమే కనిపిస్తోంది, దానికి ఏం చేయాలో ఇంకా తెలియలేదు.

రెండు టీమ్‌ల మాట మావాళ్లకి చెప్పాను. నలుగురు సరే అన్నారు, ఇద్దరు ఒకే టీమ్‌గానే ఉందామంటున్నారు. బుధవారం కూర్చుని మాట్లాడుకుంటున్నాం.

---

ఫ్రేమ్‌కి_ఐదు | ఆదివారం, సాయంత్రం 6:10

ఫోన్ సంగతి ఇప్పుడు వదిలేయండి, పేజీలో "కంప్యూటర్‌లో, కీబోర్డ్‌తో ఆడండి" అని ఒక లైను రాయండి చాలు. బుధవారం ఏం తేలిందో ఇక్కడ రాయండి, మెయిన్ సీన్ ఎవరి చేతిలో పెడుతున్నారో కూడా.